అయినవాళ్ళ దగ్గర అప్పు తీసుకుంటున్నారా? నోటు, ఒప్పంద ఉత్తరం ఇలా రాసుకోండి

"బావగారు మూడు లక్షలు ఇస్తానన్నారు. నోటు రాయమంటే బాధపడతారేమో, రాయకపోతే రేపు గొడవేమో. ఏం చేయాలి?" మనుషులు మారినా ఈ ప్రశ్న మాత్రం నన్ను మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉన్నారు. మా ఇంట్లోనే ఇలాంటి అప్పు ఒకటి రెండు కుటుంబాలను నాలుగేళ్ళు మాటల్లేకుండా చేసింది. అందులో ఎవరూ మోసం చేయలేదు. 'రూపాయి వడ్డీ' అన్న రెండు మాటలను ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు, కాగితం లేదు, అంతే. అందుకే అప్పు తీసుకునే మీరే కాగితం సంగతి ముందుగా ఎత్తాలని నేను గట్టిగా చెబుతాను.

ఒక మాట ముందే చెప్పుకుందాం. వారం పది రోజులకు ఐదు వేలో పది వేలో తీసుకునే చేబదులుకు ఇదంతా అక్కర్లేదు. ఫోన్‌పే చేయించుకుని, "మీ దగ్గర 8,000 చేబదులు తీసుకున్నాను, 5వ తేదీన ఇచ్చేస్తాను" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే చాలు. ఇక్కడ చెప్పేది నెలల తరబడి నడిచే, వడ్డీ ఉండే అప్పు గురించి.

లెక్క తేలికగా అర్థం కావడానికి ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. మీ ఇంటి స్లాబుకు డబ్బు తక్కువైంది. మీ అక్కగారి భర్త దగ్గర 3,00,000 రూపాయలు నూటికి రూపాయి వడ్డీకి తీసుకుని, 30 నెలల్లో తీర్చాలనుకుంటున్నారు.

కావలసినవి

- ప్రామిసరీ నోటు ఫారం. స్టేషనరీ షాపుల్లో, స్టాంపులు అమ్మేవారి దగ్గర దొరుకుతుంది. తెల్ల కాగితం మీద చేత్తో రాసినా చెల్లుతుంది.
- రూపాయి రెవెన్యూ స్టాంపు. పోస్టాఫీసులో దొరుకుతుంది. పాడైతే వాడుకోవడానికి ఒకటి అదనంగా తీసుకోండి.
- ఒప్పంద ఉత్తరం రాయడానికి 100 రూపాయల స్టాంపు పేపరు.
- ఇద్దరి బ్యాంకు ఖాతాల వివరాలు.
- సాక్షులుగా ఇద్దరు మనుషులు.

1. అడగడానికి ముందు నెల లెక్క వేసుకోండి

ఎంత కావాలన్నది అందరూ ఆలోచిస్తారు. నెలకు ఎంత కట్టగలరన్నది చాలామంది ఆలోచించరు. గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, ఇంటి ఖర్చు, ఉన్న ఈఎంఐలు, చిట్టీ డబ్బు తీసేశాక నెలకు ఎంత మిగిలిందో చూడండి. 15,000 మిగులుతుంటే 13,000 వాయిదా ఒప్పుకోవచ్చు. 9,000 మాత్రమే మిగులుతుంటే 30 నెలల మాట ఇవ్వకండి. గడువు పెంచి అడగండి, లేదా తక్కువ తీసుకోండి.

జీతం కాకుండా పంట మీద బతికేవారు నెల వాయిదా పెట్టుకోవద్దు. వరి అమ్మిన డబ్బు చేతికొచ్చే నెల చూసి ఏడాదికి రెండు వాయిదాలు పెట్టుకోండి. ప్రతి నెలా కడతానని చెప్పి మూడో నెలకే తప్పడం కంటే ఇది ఇద్దరికీ నయం.

2. మాట్లాడేటప్పుడు అక్కను కూడా కూర్చోబెట్టండి

బావగారికి తెలిసి అక్కకు తెలియని అప్పు, లేదా మీకు తెలిసి మీ భార్యకు తెలియని అప్పు ఎక్కువ రోజులు దాగదు. తెలిసిన రోజున అసలు గొడవ డబ్బు గురించి ఉండదు, "నాకెందుకు చెప్పలేదు" అన్నదాని మీద ఉంటుంది. కాబట్టి రెండు జంటలూ ఉన్నప్పుడే మాట్లాడండి.

కాగితం మాట మీరే ఎత్తండి. ఇలా అనవచ్చు: "బావగారూ, నోటు నేనే రాసి తెస్తాను. మీరు అడగరని తెలుసు. కానీ రేపు నాకేమైనా అయితే మీ డబ్బు ఇరుక్కోకూడదు." ఈ మాట అప్పు తీసుకునేవారి నోటి నుంచి వస్తే గౌరవంగా ఉంటుంది. ఇచ్చేవారి నోటి నుంచి వస్తే అనుమానంలా వినిపిస్తుంది. "మన మధ్య కాగితాలేంటి బామ్మర్దీ" అని ఆయన అన్నా, "నా మనశ్శాంతి కోసం" అని చెప్పి రాసి ఇవ్వండి.

వడ్డీ విషయంలో కాసేపు ఆగాలి. మన దగ్గర రూపాయి వడ్డీ అంటే నెలకు నూటికి రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ రూపాయి దేని మీద అన్నదే తేల్చుకోవాలి.

మీరు నెలకు 10,000 అసలు చొప్పున తీరుస్తున్నారనుకోండి. మిగిలిన అసలు మీద వడ్డీ అయితే మొదటి నెల 3,000, రెండో నెల 2,900, మూడో నెల 2,800, ఇలా తగ్గుతూ చివరి నెల 100 అవుతుంది. 30 నెలల మొత్తం వడ్డీ 46,500. అదే మొదట తీసుకున్న మూడు లక్షల మీద చివరిదాకా వడ్డీ అయితే నెలకు 3,000 చొప్పున 90,000. తేడా 43,500 రూపాయలు. ఇద్దరూ 'రూపాయి వడ్డీ' అనే అన్నారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే.

అలాగే బారువడ్డీయా, చక్రవడ్డీయా అన్నది కూడా అడగండి. ఒక నెల వడ్డీ కట్టలేకపోతే అది అసలులో కలిసి దాని మీద మళ్ళీ వడ్డీ పడుతుందా, లేదా? బంధువుల మధ్య బారువడ్డీయే మంచిదని నా అభిప్రాయం. చక్రవడ్డీ లెక్కను ఇంట్లో వేసుకోవడం కష్టం, లెక్క తప్పిన ప్రతిసారీ మాట పడుతుంది.

"మనవాళ్ళకు వడ్డీ ఏంటి" అని వారు వద్దంటే, కాగితంలో "వడ్డీ లేదు" అని స్పష్టంగా రాయండి. ఆ చోటు ఖాళీగా వదలకండి. అయితే ఆయన మీకోసం ఫిక్సెడ్ డిపాజిట్ రద్దు చేసి ఇస్తుంటే, ఆ వడ్డీ ఆయన నష్టపోతున్నారు. కనీసం ఆ రేటైనా ఇస్తానని మీరే చెప్పడం న్యాయం.

3. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి

20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. బంధువుల మధ్య అప్పుకూ ఇదే నియమం. తప్పితే తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడవచ్చు. అది పడేది ఇచ్చినవారికి కాదు, తీసుకున్న మీకు. తిరిగి కట్టేటప్పుడు కూడా ఇదే పద్ధతి, అక్కడా బాధ్యత కట్టే మీదే. ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమే అయి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే నగదుగా తీసుకోవడానికి మినహాయింపు ఉంది. అయినా బ్యాంకు ద్వారా తీసుకోవడమే మేలు, ఎందుకంటే అది తేదీతో సహా సాక్ష్యం. మూడు లక్షలను పదిహేను వేల చొప్పున ముక్కలు చేసి నగదుగా తీసుకుంటే తప్పించుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. పాత బాకీతో కలిపే లెక్క చూస్తారు.

ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు రిమార్క్స్ దగ్గర "ఇంటి అప్పు" అనో "హ్యాండ్ లోన్" అనో రాయమని చెప్పండి. స్నేహితుల దగ్గర తీసుకుంటే ఇది మరీ ముఖ్యం. దగ్గరి బంధువు ఇచ్చిన బహుమతికి పన్ను లేదు, కానీ స్నేహితులు ఏడాదిలో 50,000 దాటి ఇచ్చిన బహుమతి మీ ఆదాయంలో కలుస్తుంది. అది అప్పే అని చూపించేది ఈ రిమార్కు, నోటు, మీరు కట్టిన వాయిదాలు.

మొదటి నెల వడ్డీ ముందే కోసుకుని 2,97,000 ఇస్తే, నోటులో మూడు లక్షలు అని రాయకండి. చేతికొచ్చిన మొత్తమూ నోటులో ఉన్న మొత్తమూ ఒక్కటే ఉండాలి. అప్పు ఇచ్చేవారు విదేశంలో ఉంటే ఏ ఖాతా నుంచి, ఎలా పంపాలన్నదానికి వేరే నియమాలున్నాయి. డబ్బు రాకముందే మీ బ్యాంకులో అడగండి.

4. ప్రామిసరీ నోటు రాయండి

నోటు ఇచ్చేవారి ధైర్యం కోసం. ఇందులో నాలుగైదు వాక్యాలకు మించి ఉండకూడదు. నమూనా ఇది:

> ......... తేదీన ......... కాపురస్థులు ......... గారి కుమారుడు ......... గారికి, ......... కాపురస్థుడు ......... గారి కుమారుడు ......... వ్రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటు.
>
> నా ఇంటి నిర్మాణం ఖర్చుల నిమిత్తం ఈ రోజు మీ వద్ద నుండి బ్యాంకు ద్వారా అప్పుగా తీసుకున్న సొమ్ము రూ. 3,00,000 (అక్షరాలా మూడు లక్షల రూపాయలు). ఈ సొమ్ముకు నెల 1కి నూటికి రూ. 1 చొప్పున బారువడ్డీ కలిపి, మీరు కోరినప్పుడు మీకు గాని, మీ ఆర్డరు పొందిన వారికి గాని చెల్లించి, ఈ నోటుపై చెల్లు వేయించుకోగలవాడను.

కింద రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా చేయండి. స్టాంపు అంటించి పక్కన సంతకం చేస్తే ఆ స్టాంపు రద్దు కాలేదని, అసలు స్టాంపు లేనట్టేనని వాదన వస్తుంది. స్టాంపు లేని ప్రామిసరీ నోటు కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. వేరే కాగితాల్లా తరవాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా దీనికి లేదు.

అచ్చు ఫారం వాడుతుంటే చదివి సంతకం చేయండి. కొన్ని ఫారాల్లో "రొక్కముగా ముట్టినది" అని ముందే అచ్చు వేసి ఉంటుంది. దాన్ని కొట్టేసి "బ్యాంకు ద్వారా ముట్టినది" అని రాసి, పక్కన చిన్న సంతకం పెట్టండి. లేకపోతే నగదు తీసుకున్నానని మీరే రాసిచ్చినట్టవుతుంది.

వాయిదాలు, గడువు తేదీలు నోటులో రాయకండి. "మీరు కోరినప్పుడు" అన్న నోటుకు రెవెన్యూ స్టాంపు సరిపోతుంది. ఫలానా తేదీకి ఇస్తానని రాస్తే స్టాంపు లెక్క మారిపోయి, ఆ రూపాయి స్టాంపు చాలదు. వాయిదాల సంగతి ఒప్పంద ఉత్తరంలో రాస్తాం.

సాక్షి సంతకాలు లేకపోయినా చట్టం ప్రకారం నోటు చెల్లుతుంది. కానీ ఉండటమే మంచిది. మీ వైపు ఒకరు, వారి వైపు ఒకరు ఉండేలా చూడండి. ఊళ్ళో నలుగురికి చెప్పే మనిషిని సాక్షిగా పెట్టుకుంటే, అప్పు తీరినా మాట మిగిలిపోతుంది.

ఖాళీ నోటు మీద సంతకం మాత్రం ఎంత దగ్గరివారికైనా చేయకండి. స్టాంపు మీద సంతకం చేసి అంకెలు వదిలేస్తే, వాటిని నింపే అధికారం మీరే ఇచ్చినట్టు చట్టం చూస్తుంది. ఖాళీ చెక్కూ అంతే. బావగారి మీద నమ్మకం ఉండవచ్చు, కానీ ఆ కాగితం రేపు ఎవరి చేతిలో ఉంటుందో ఆయనకూ తెలియదు.

5. ఒప్పంద ఉత్తరం రాయండి

నోటు ప్రకారం ఆయన రేపే మొత్తం అడగవచ్చు. ఆ భయం మీకు లేకుండా చేసేది ఈ ఉత్తరం. అందుకే దీని మీద ఇద్దరూ సంతకం చేయాలి. రెండు ప్రతులు రాసి చెరొకటి ఉంచుకోండి. మన ఉదాహరణకు ఇలా ఉండవచ్చు:

> 1. ......... తేదీ గల రూ. 3,00,000 ప్రామిసరీ నోటుకు సంబంధించి ఈ షరతులు రాసుకున్నాం.
> 2. ప్రతి నెల 10వ తేదీలోగా రూ. 10,000 అసలు, అప్పటికి మిగిలి ఉన్న అసలు మీద నూటికి రూ. 1 వడ్డీ కలిపి బ్యాంకు ద్వారా చెల్లించాలి. మొదటి వాయిదా ......... తేదీ, చివరిది ......... తేదీ.
> 3. వడ్డీ మీద వడ్డీ లేదు.
> 4. ఏదైనా నెల వాయిదా కట్టలేకపోతే 5వ తేదీలోగా చెప్పాలి. ఆ నెల వడ్డీ మాత్రం కట్టి, అసలు ఆఖరి నెల తరవాత కట్టవచ్చు. ఇలా ఏడాదికి రెండు సార్లకు మించకూడదు.
> 5. వరుసగా మూడు వాయిదాలు తప్పితే తప్ప, ఇచ్చినవారు నోటు మీద మొత్తం ఒకేసారి అడగరు.
> 6. ఇచ్చినవారికి అత్యవసరం వస్తే 60 రోజుల ముందు చెప్పి, రూ. 1,00,000 వరకు ఒకేసారి అడగవచ్చు.
> 7. ఇచ్చినవారు లేనిపక్షంలో వాయిదాలు ......... గారికి చెల్లించాలి.

ఆరో షరతు గురించి ఆలోచించకుండా వదిలేయకండి. బంధువుల అప్పుల్లో నేను ఎక్కువగా చూసిన కష్టం ఇక్కడే వస్తుంది. ఇచ్చినవారి ఇంట్లో ఆస్పత్రి ఖర్చో, అమ్మాయి పెళ్ళో వస్తుంది. అడగడానికి మొహమాటపడతారు, లోలోపల బాధపడతారు, చివరికి ఆ బాధ ఎక్కడో ఫంక్షన్‌లో మాటై బయటకు వస్తుంది. అడిగే హక్కు ముందే రాసి ఉంటే అడగడం తేలిక. మీకు కూడా ఎంత, ఎన్ని రోజుల్లో సర్దాలో తెలుస్తుంది.

డబ్బు బదులు నగలు ఇచ్చి "బ్యాంకులో పెట్టుకో" అన్నారనుకోండి. అప్పుడు నోటు కాదు, నగల జాబితా రాయాలి. ఒక్కో వస్తువు పేరు, గ్రాముల బరువు, ఫొటో, ఏ తేదీకి విడిపించి ఆ వస్తువులే తిరిగి ఇస్తారో రాయండి. బంగారం ధర పెరిగినా తగ్గినా ఇవ్వాల్సింది ఆ నగలే.

6. రాసింది సరిగా ఉందో లేదో ఇలా చూసుకోండి

సంతకాలకు ముందు ఈ ఉత్తరాన్ని సంగతి తెలియని ఒకరికి ఇవ్వండి. కాలేజీ చదివే మీ అబ్బాయైనా సరే. "12వ నెల ఎంత కట్టాలి? కట్టాక ఇంకా ఎంత ఉంటుంది?" అని అడగండి. పదకొండు వాయిదాలయ్యాక మిగిలే అసలు 1,90,000. దాని మీద వడ్డీ 1,900. కాబట్టి కట్టాల్సింది 11,900, కట్టాక మిగిలేది 1,80,000. మిమ్మల్ని ఏమీ అడగకుండానే ఈ అంకెలు చెప్పగలిగితే ఉత్తరం బాగున్నట్టు. "వడ్డీ దేని మీద?" అని అడిగితే రెండో షరతు మళ్ళీ రాయండి. ఇదే ప్రశ్న బావగారిని, అక్కను కూడా అడగండి. ముగ్గురి జవాబూ ఒకటే రావాలి.

7. కట్టిన ప్రతిసారీ చెల్లు వేయించండి

వాయిదా పంపగానే "5వ వాయిదా: అసలు 10,000, వడ్డీ 2,600, మిగిలిన అసలు 2,50,000" అని మెసేజ్ పెట్టండి. ఆయన "సరే" అంటే చాలు. ఆరు నెలలకోసారి కలిసినప్పుడు నోటు వెనక అప్పటిదాకా కట్టిన మొత్తం, తేదీ రాసి మీరు సంతకం చేయండి. ఇదే చెల్లు. తరవాత దాన్ని ఫొటో తీసుకోండి.

కట్టింది నేనైతే నేను సంతకం చేయడం ఏమిటని కొందరు అడుగుతారు. ఇలాంటి నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళే గడువు. ఆ తరవాత కాలదోషం పడుతుంది, కోర్టుకు వెళ్ళలేరు. గడువులోపల మీ సంతకంతో చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. అంటే చెల్లు మీకు కట్టినట్టు రుజువు, ఆయనకు నోటు బతికే ఉందన్న ధైర్యం. చెల్లు లేకుండా మూడో ఏడు దగ్గరపడితే ఇచ్చినవారికి టెన్షన్ మొదలవుతుంది, "లాయర్ నోటీసు ఇవ్వు" అని పక్కనుంచి ఎవరో చెబుతారు.

నోటు తిరగరాయాల్సి వస్తే, కొత్త నోటులో మిగిలిన మొత్తమే రాసి, పాత నోటు అప్పుడే వెనక్కి తీసుకోండి. "తరవాత ఇస్తాలే" అన్న పాత నోటు బీరువాలో ఉండిపోతే ఒకే అప్పుకు రెండు నోట్లు ఉన్నట్టు.

ఇంకో పొరపాటు. మీరు వాళ్ళ ఇంటి కరెంటు పని చేయించారు, 6,000 అయింది, "అప్పులో కోసుకోండి" అనుకున్నారు. చదివింపులు, పని ఖర్చులు, పండక్కి పెట్టిన బట్టలు వాయిదాలో కలపకండి. ఆ 6,000 వాళ్ళు మీకు విడిగా ఇవ్వాలి, మీరు వాయిదా విడిగా కట్టాలి.

8. కట్టలేని నెల వస్తే

గడువు తేదీకి ముందే ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. ఎంత కట్టగలరో, మిగతాది ఎప్పుడో అంకెతో, తేదీతో చెప్పండి: "ఈ నెల వడ్డీ 2,200 మాత్రమే పంపుతున్నాను బావగారూ, అసలు పదివేలు ఆఖరి నెల తరవాత కడతాను." మాట్లాడాక అదే సంగతి మెసేజ్‌గా పంపండి. ఏమీ కట్టలేని నెలలో కూడా ఇలాగే చెప్పండి. అవతలివారిని ఎక్కువగా బాధపెట్టేది డబ్బు ఆలస్యం కావడం కాదు, మీరు ఫోన్ ఎత్తకపోవడం. ఆ నెలల్లో కొత్త బండి, టూర్ ఫొటోలు వాళ్ళ కంటపడితే దాన్ని సర్దడం ఇంకా కష్టం.

9. తీరిన రోజున నోటు వెనక్కి తీసుకోండి

చివరి వాయిదా పంపిన రోజునో, ఆ వారంలోనో స్వయంగా వెళ్ళండి. నోటు మీద "అసలు వడ్డీతో సహా పూర్తిగా చెల్లు" అని రాయించి, తేదీ వేసి, ఇచ్చినవారి సంతకం తీసుకుని నోటు మీ దగ్గర పెట్టుకోండి. కొందరు అక్కడే చింపేస్తారు. నేనైతే ఫొటో తీసి, మూడేళ్ళు దాచుకోమంటాను. ఒప్పంద ఉత్తరం రెండు ప్రతుల మీదా అదే మాట రాసుకోండి. పూచీగా చెక్కు ఇచ్చి ఉంటే నంబరు సరిచూసుకుని అదీ తీసుకోండి.

"నోటు ఎక్కడో పెట్టాను, కనపడటం లేదు" అంటే మొహమాటపడి తిరిగి రావద్దు. అక్కడే ఒక కాగితం మీద "ఫలానా తేదీన రాసిన రూ. 3,00,000 ప్రామిసరీ నోటు సొమ్ము పూర్తిగా ముట్టింది, నోటు కనపడటం లేదు, దొరికినా చెల్లదు, దొరికిన వెంటనే తిరిగి ఇస్తాను" అని రాయించి, రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద ఆయన సంతకం, పక్కన అక్క సాక్షి సంతకం తీసుకుని ఇంటికి రండి.